పని పెరిగింది, మరి కూలి? కృత్రిమ మేధ తెచ్చే మిగులు ఎవరి చేతికి?

కృత్రిమ మేధ వస్తే మా పిల్లల ఉద్యోగాలు ఉంటాయా, పోతాయా? మన సంఘాల్లో తల్లిదండ్రులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో కాల్ సెంటర్‌లోనో పనిచేసే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ భయం సహజమే. అయితే దీని వెనకే మరో ప్రశ్న ఉంది. దాన్ని అడిగేవారు తక్కువ. ఉద్యోగం పోకుండా, అదే మనిషి రోజుకు మునుపటికంటే ఎక్కువ పని చేయగలిగితే, ఆ అదనపు పనికి వచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది?

దీనికి ఊహలు అక్కర్లేదు. జాగ్రత్తగా కొలిచి చూసిన ఒక ఉదాహరణ మన ముందుంది. అమెరికాకు చెందిన ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో వినియోగదారుల సందేహాలు తీర్చే 5,172 మంది ఉద్యోగులను ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌వారు. వినియోగదారుడు తన సమస్య టైపు చేయగానే ఏమని జవాబివ్వాలో తెరమీద సూచించే కృత్రిమ మేధ సాధనాన్ని సంస్థ వారికి విడతలవారీగా ఇచ్చింది. సాధనం అందినవారు గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య సగటున 15 శాతం పెరిగింది. అనుభవం తక్కువ ఉన్నవారిలో ఈ పెరుగుదల 30 శాతం. సాధనం ఉన్న కొత్త ఉద్యోగి రెండు నెలల్లోనే, అది లేకుండా ఆరు నెలలకు పైగా పనిచేసినవారి స్థాయిని అందుకున్నాడు. బాగా అనుభవం ఉన్నవారికి మాత్రం వేగం కొద్దిగా పెరిగి, జవాబుల నాణ్యత కొద్దిగా తగ్గింది.

ఇలా ఎందుకు జరిగిందో గమనించాలి. ఆ సాధనం నేర్చుకున్నది ఆ సంస్థ ఉద్యోగుల పాత సంభాషణల నుంచే, ముఖ్యంగా బాగా పనిచేసేవారి సంభాషణల నుంచే. కోపంగా ఉన్న మనిషిని ఎలా శాంతపరచాలి, అసలు సమస్య ఎక్కడుందో తెలుసుకోవడానికి ముందు ఏమి అడగాలి అనే ఒడుపు నిన్నటిదాకా సీనియర్ల తలల్లో ఉండేది. ఇప్పుడది యంత్రంలోకి చేరి, అక్కడి నుంచి కొత్తవారికి అందింది. కొత్తవారికి ఇది నిజమైన మేలు, ఉద్యోగం మానేసిపోవడం కూడా వారిలో తగ్గింది. కానీ తమ నేర్పును యంత్రానికి అందించిన సీనియర్లకు అందుకోసం ప్రత్యేకంగా ఏ ప్రతిఫలమూ దక్కలేదు. పైగా రెండు నెలల్లో మరొకరు తమ స్థాయికి రాగలిగినప్పుడు, జీతం పెంచమని అడిగే బలం వారికి తగ్గుతుంది.

ఇక డబ్బు సంగతి. ఆ అధ్యయనంలో జీతాల లెక్కలు లేవు కాబట్టి, సులువుగా అర్థమయ్యేలా మనమే ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాల్ సెంటర్‌లో 100 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు రోజుకు 20 కాల్స్ చొప్పున మొత్తం 2,000 కాల్స్ చూస్తారు. నెల జీతం 24,000 రూపాయలు. సంస్థకు నెలకు 40 లక్షలు వస్తే, అందులో జీతాలకు వెళ్లేది 24 లక్షలు. మిగతా ఖర్చులను పక్కన పెడితే, శ్రమకు అందే వాటా 60 శాతం, పెట్టుబడికి అందేది 40 శాతం.

ఇప్పుడు కృత్రిమ మేధ వల్ల ఒక్కొక్కరు 23 కాల్స్ చూడగలిగారు. వచ్చే కాల్స్ 2,000 దగ్గరే ఉంటే 87 మంది చాలు. జీతాల ఖర్చు సుమారు 20 లక్షల 88 వేలకు తగ్గుతుంది. శ్రమ వాటా 52 శాతానికి పడిపోతుంది. పదమూడు మంది ఇంటికి వెళ్తారు. నష్టం అందరి కంటికీ కనబడుతుంది.

రెండో దారి చూడండి. కాల్స్ 2,300కు పెరిగాయి, ఎవరి ఉద్యోగమూ పోలేదు. సంస్థ రాబడి 46 లక్షలైంది. జీతాలు మాత్రం అదే 24 లక్షలు. ఇక్కడా శ్రమ వాటా 52 శాతమే! ఉద్యోగం పోలేదు, ఎవరి జీతమూ తగ్గలేదు, అయినా వాటా జారిపోయింది. పాత 60 శాతం నిలవాలంటే ఒక్కొక్కరి జీతం 27,600 రూపాయలు కావాలి. ఉద్యోగాలు నిలిచాయా లేదా అన్నదొక్కటే చూస్తే ఈ రెండో నష్టం మనకు కనబడదు.

మూడో దారి కూడా ఉంది. పని ఇచ్చే విదేశీ సంస్థ, మీకు పని సులువైంది కదా, ధర తగ్గించండి అని అడగవచ్చు. అప్పుడు ఆ మిగులు ఇక్కడి యజమానికీ మిగలదు, ఇక్కడి ఉద్యోగికీ మిగలదు, పని ఇచ్చినవారికే చేరుతుంది. అక్కడి పోటీని బట్టి కొంత చౌక ధరల రూపంలో వినియోగదారులకు అందవచ్చు. మన సాఫ్ట్‌వేర్ సేవల్లో చాలా కాంట్రాక్టులు ఇంతమంది మనుషులు, ఇన్ని గంటలు అనే లెక్క మీద నడిచినవే కాబట్టి ఈ బేరం మనకు చాలా దగ్గరి సంగతి. ఏ దారిలోనైనా సాధనం అద్దె మొదట చెల్లించాల్సిందే. ఆ సొమ్ము సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ కేంద్రాలు, చిప్‌ల యజమానులకు వెళ్తుంది. చిప్‌లు అమ్మే ఎన్విడియా 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో ప్రతి వంద డాలర్ల అమ్మకంలో, సరుకు ఖర్చు పోగా 75 డాలర్లు మిగుల్చుకుంది.

ఈ జారుడు కృత్రిమ మేధతో మొదలైంది కాదు. ప్రపంచ రాబడిలో శ్రమ వాటా 2004 నుంచి 2024 వరకు 1.6 శాతం పాయింట్లు తగ్గిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క కట్టింది. అంతకుముందటి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బ్రిటన్‌లో 1780 నుంచి 1840 వరకు ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే, నిజ వేతనం 12 శాతమే పెరిగిందని చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ తేల్చారు. ఆ తర్వాత వేతనాలు ఉత్పత్తితోపాటు పెరిగిన మాట నిజమే. కానీ ఆ అరవై ఏళ్లలో రెండు తరాలు గడిచిపోయాయి. చివరికి అంతా సర్దుకుంటుందనే మాట, అంతవరకు బతకని చేనేత కార్మికుడికి ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

ఇప్పటి యువతకు ఇంకో చిక్కు ఉంది. కొత్తవారికే ఎక్కువ మేలు చేసిన సాధనం, కొత్తవారి అవసరాన్నే తగ్గించవచ్చు. కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్లవారి ఉపాధి, మిగతావారితో పోలిస్తే 13 శాతం తగ్గిందని అమెరికా జీతాల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2025లో చెప్పింది. దానికి కారణం కృత్రిమ మేధేనా అన్నదానిపై చర్చ ఇంకా సాగుతోంది.

కాబట్టి వాటా ఎటు జరుగుతుందో యంత్రం ఒక్కటే నిర్ణయించదు. ఉద్యోగి నేర్పు ఇంకా అరుదైనదేనా, నచ్చకపోతే వేరే చోటికి వెళ్లగలడా, తోటివారితో కలిసి బేరమాడగలడా అన్నవే నిర్ణయిస్తాయి. 2023లో అమెరికా సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, కృత్రిమ మేధ వాడకానికి తమ ఒప్పందంలో హద్దులు రాయించుకున్నారు. వారికి సంఘం ఉంది కాబట్టి అది సాధ్యమైంది. మన కాల్ సెంటర్లలోనూ సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ అలా కలిసి బేరమాడేవారు చాలా తక్కువ.

పెట్టుబడికీ శ్రమకూ మధ్య న్యాయం గురించి 1891లో పోప్ పదమూడవ లియో లేఖ రాశారు. 2025లో ఎన్నికైన పోప్ తన పేరును లియో అని ఎంచుకోవడానికి ఆ లేఖనే ముఖ్య కారణంగా చెబుతూ, కృత్రిమ మేధను ఈ కాలపు పారిశ్రామిక విప్లవంతో పోల్చారు. ఆ చర్చ మన ఇళ్లలోనూ మొదలుకావాలి. ఉద్యోగం బాగుందా అని అడిగి ఊరుకోకుండా, మన పిల్లలను ఈ మూడు సంగతులు అడుగుదాం. ఏడాదిలో నీ టార్గెట్ ఎంత పెరిగింది? జీతం ఎంత పెరిగింది? నీ పనిని రికార్డు చేసి యంత్రానికి నేర్పుతుంటే, దాని గురించి నీ ఒప్పందంలో ఏముంది? మొదటి రెండు జవాబుల మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే, వారి శ్రమ వాటా అంత ఎక్కువగా జారుతోందని అనుకోవచ్చు.