గర్డరా, చానెలా?

పోయిన నెల సోలాపూర్ నుంచి ఒక అక్క ఫోటో పంపింది. వాళ్ళ మామగారు మిల్లులో సాంచాల మీద ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. ఉన్న ఒక్క ముందుగది మీద ఇంకో గది లేపుతున్నారు. కింద గోడలు పాతవి కాబట్టి ఇనుప గర్డర్లు వేసి, వాటి మీద స్లాబు పోద్దామని మేస్త్రీ చెప్పాడట. "అన్నా, సామాను దిగింది. బిల్లులో 200 గర్డర్ మూడు అని ఉంది. నాకైతే అన్నీ ఇనుమే. ఏది ఏందో కొంచెం చెప్పు" అని రాసింది.

ఫోటోలో గోడకు ఆనించి మూడు పొడుగు దూలాలు, వాటి పక్కన సన్నవి నాలుగు, ముందర సలాకల కట్ట, మూలన రింగుల కుప్ప. మన ఇళ్ళు కట్టే ప్రతి చోటా కనబడే సామానే. పేర్లు ఒక్కొక్కటే చెప్తా.

సన్నవి నాలుగూ యాంగిల్. కొస చూస్తే రెండు రెక్కలు మూలమట్టంలాగ కలిసి ఉంటయి. మిల్లు షెడ్డులో తల పైకెత్తితే రేకుల కింద త్రికోణాలుగా రివెట్లతో కట్టిన చట్రం కనబడేది గదా, అదంతా ఎక్కువగా యాంగిలే. దుకాణంలో "50 50 6" అంటే ఒక్కో రెక్క 50 మిల్లీమీటర్లు, మందం 6 అన్నమాట. కిటికీ చట్రానికీ, మెట్ల కటకటాలకూ వాడతారు. స్లాబు బరువు దీని మీద పెట్టరు, కాబట్టి దీని గురించి ఇంతే.

అసలు కథ ఆ మూడు దూలాల్లో ఉంది. ఐ బీమ్‌నే మనవాళ్ళు గర్డర్ అంటారు. నడుమ నిలువు పలక ఒకటి, పైనా కిందా అడ్డం పట్టీలు. ఆ పట్టీలు నడుమ పలకకు రెండు పక్కలా బయటికి వస్తయి. చానెల్‌కు కూడా పైనా కిందా పట్టీలు ఉంటయి గాని, ఒక్క పక్కకే వస్తయి. రెండో పక్క వీపు చదునుగా గోడలాగ ఉంటుంది. 200 అనేది ఎత్తు, మిల్లీమీటర్లలో. కాబట్టి గర్డరూ 200 ఉండొచ్చు, చానెలూ 200 ఉండొచ్చు. బిల్లు మీద ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

ఫోటో మోసం చేసేది ఇక్కడే. చానెల్‌ను తెరిచి ఉన్న పక్క నుంచి తీస్తే పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, నడుమ లోపలికి పోయిన పలక కనబడతయి. గర్డర్‌ను పక్క నుంచి తీసినా అచ్చం అట్లనే ఉంటుంది. అక్క పంపిన మొదటి ఫోటో అటువంటిదే. నేను కూడా మూడూ గర్డర్లే అనుకున్నా. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ఒకదాని కొస మాత్రం కొంచెం బయటికి ఉంది, దాని పట్టీలు రెండు వైపులా ఉన్నయి. మిగతా రెండింటి కొసలు గోడ నీడలో పోయినయి. "అక్కా, కొసల దగ్గర నిలబడి, మూడు కొసలూ ఎదురుగా పడేటట్టు ఇంకోటి తియ్యి" అన్నా.

రెండో ఫోటో వచ్చింది. ఒకటి ఐ, రెండు చానెల్. టేపు కూడా పెట్టమన్నా. గర్డర్ పట్టీ వెడల్పు 100, చానెళ్ళవి 75. ఇక అనుమానం లేదు.

మేస్త్రీని అడిగితే "రెండూ ఒకటే, 200 అంటే 200. దుకాణంలో గర్డర్ ఒక్కటే ఉంది, తూకం కూడా దగ్గరదగ్గరే" అన్నాడట. తూకం మాట అబద్ధం కాదు. మీటరుకు గర్డర్ సుమారు 25 కిలోలు, చానెల్ సుమారు 22. కాని మోసే బలం అదే లెక్కన ఉండదు. వంపును ఆపే శక్తిలో ఆ చానెల్ ఆ గర్డర్ కంటే ఆరో వంతు నుంచి అయిదో వంతు దాకా తక్కువ. ఇంకోటి కూడా ఉంది. గర్డర్ మీద బరువు సరిగ్గా నడుమ పలక మీద పడుతుంది. చానెల్ రెక్కలు ఒక్క పక్కకే ఉంటయి కాబట్టి, బరువు పడితే అది వంగడంతో పాటు పక్కకు మెలి తిరగాలని కూడా చూస్తుంది. పదమూడు అడుగుల గది, పైన స్లాబు, స్లాబు మీద మనుషులు. ఒకటి గట్టిది, రెండు మెత్తవి అయితే వంపు ఒక్క తీరుగా రాదు, స్లాబులో బీట పడేది అక్కడే. లెక్క వేసిన ఇంజినీరు గర్డర్ రాశాడంటే గర్డరే రావాలి. మార్చాలంటే ఆయన మళ్ళీ లెక్క వేసి చెప్పాలి. మేస్త్రీ చెప్తే చాలదు, నేను చెప్పినా చాలదు.

ఇప్పుడు సలాకలు. దుకాణంలో ఇప్పటికీ అన్నింటినీ "టోర్" అంటారు. నిజమైన టోర్ పాత కాలపుది, చల్లగా ఉన్నప్పుడు మెలిపెట్టి చేసింది. పొడుగు గీత తాడు పేటలాగ చుట్టుకుంటూ పోతుంది. ఇప్పుడు వచ్చే టీఎంటీలో పొడుగు గీతలు నిట్టనిలువుగా పోతయి, వాటి నడుమ ఏటవాలు పక్కటెముకలు ఉంటయి. ఫోటోలో ఉన్నవి ఈ రకమే. పాత చాల్ స్లాబు పగలగొడితే నున్నటి గుండ్రటి చువ్వలు బయటపడతయి. సిమెంటు ఆ నున్నదనాన్ని పట్టుకోలేదనే ఈ ఎముకలు వచ్చినయి. మంచి సలాక మీద కొంత కొంత దూరానికి కంపెనీ పేరు, రకం లేచిన అక్షరాల్లో ఉంటయి, 500డి అని. అది చదవగలిగేంత దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

లావు మాత్రం ఫోటోలో చెప్పడం కష్టం. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే కొంత అంచనా వస్తుంది. ఇప్పటి రూపాయి 20 మిల్లీమీటర్లు, 12 సలాక అందులో సగానికి కొంచెం ఎక్కువ కనబడాలి. మేస్త్రీలు చెప్పే "చార్ సూత్" అంటే ఈ 12. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే నాలుగు సూత్ అరంగుళం, పన్నెండున్నర దాటుతుంది. పలుకులో అరంగుళం, చేతికి వచ్చేది 12. మూడు సూత్ అంటే 10. ఈ రెండింటి తేడా కంటికి ఆనదు గాని తక్కెడకు ఆనుతుంది. లావును లావుతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12కు 144ను 162తో భాగిస్తే 0.889, అంటే 890 గ్రాముల దగ్గర. 10 అయితే 617 గ్రాములే.

అక్క కొడుకు మీటరు ముక్క కోయించి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాడు. 870 వచ్చింది. కొద్దిగా తక్కువ, కాని ఫర్వాలేదు. 830 కంటే తగ్గితే మాత్రం దుకాణాన్ని నిలదీసి అడగాలి.

చానెళ్ళు రెండూ వెనక్కి పోలేదు. మెట్ల రెండు పక్కలకూ పెట్టే దూలాలకు చానెలే సరైనది, మెట్టు చదును వీపుకు తన్ని కూర్చుంటుంది. మేస్త్రీ వాటిని అక్కడికి మార్చి, ఇంకో రెండు గర్డర్లు తెప్పించాడు. మొన్న వచ్చిన ఫోటోలో మూడు కొసలూ కెమెరా వైపే ఉన్నయి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని రాసి ఉంది.