‘ఎవరైనా రండి’ అంటే ఎవరూ రారు

రంజాన్‌లో మా మొహల్లా మస్జిద్‌లో రోజూ ఒకటే ఎలాన్: "ఇఫ్తార్ ఖిద్మత్‌కు నౌజవానులు ముందుకు రావాలి." సఫుల్లో 200 మంది. మగ్రిబ్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేది మాత్రం ముసలి మౌజన్ సాబ్ ఒక్కరే.

జనానికి జజ్బా లేదని నేననుకోను. 200 మందికి చెప్పిన మాటను ప్రతివాడూ పక్కవాడికి చెప్పినట్టే వింటాడు. ఏం చెయ్యాలి, ఎంతసేపు, ఎవరిని కలవాలి అన్నది ఆ ఎలాన్‌లో లేదు. సరేనంటే నెలంతా ఇరుక్కుంటామనే భయం వేరే.

తర్వాతి జుమాకు కమిటీ మాట మార్చింది. "రేపు మగ్రిబ్ తర్వాత నలుగురు కావాలి. ఇద్దరు దస్తర్‌ఖాన్లు మడవాలి, ఇద్దరు ఖర్జూరం గింజలు, పళ్ల తొక్కలు ఊడ్చాలి. 20 నిమిషాల పని. ఇషా అజాన్‌లోపు హాలు సాఫ్ కావాలి. ఇవాళ అస్ర్‌లోపు మౌజన్ సాబ్‌కు పేర్లివ్వండి." అస్ర్‌కు ఆరు పేర్లొచ్చాయి. నలుగురిని రేపటికి, ఇద్దరిని ఎల్లుండికి రాసుకున్నారు.

అయితే గడువు ఉత్తుత్తిది కాకూడదు. ఇషా, తరావీహ్ ఎవరి కోసమూ ఆగవు కాబట్టి ఇక్కడ నమ్మారు. పేరిచ్చినవాడికి ముందురోజు రాత్రే "రేపు మీ వంతు భాయ్" అని యాద్ చెయ్యాలి. లేదంటే ఆ పేరు కాగితం మీదే ఉండిపోతుంది, చీపురు మళ్లీ మౌజన్ సాబ్ చేతికే వస్తుంది.