ఫసలీ తెలియని ఆఫీసరు, ఏప్రిల్ తెలియని అడంగల్

"పాసుబుక్కు పెట్టానురా అల్లుడూ, ఇంకేం కావాలంట వాళ్లకి?" అని ఫోన్లో అరిచాడు మా మామయ్య. నరసరావుపేట దగ్గర పల్లె. హెడ్మాస్టరుగా రిటైరై పింఛను తీసుకుంటూ నాలుగెకరాలు స్వయంగా సాగుచేసుకుంటాడు. 2023-24 ఆర్థిక సంవత్సరానికి వేసిన రిటర్నులో పింఛనుతో పాటు వ్యవసాయ ఆదాయం 6 లక్షల 48 వేలు అని చూపించాడు. ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఆ ఆదాయం నిజంగా వ్యవసాయం మీద వచ్చిందేనని రుజువులు పెట్టమన్నారు. మామయ్య పాసుబుక్కు, 1-బి, ఆ ఏడాది అడంగల్ స్కాన్ చేయించి పంపాడు. దాంతో ఆఫీసరు అనుమానం తీరకపోగా బలపడింది. "మీరు పంపిన అడంగల్ ప్రకారం ఆ భూమి బీడు. బీడు భూమిలో ఈ ఆదాయం ఎలా వచ్చిందో వివరించండి" అని రెండో నోటీసు.

పల్లెలో అందరూ ఆఫీసరునే తిట్టారు. నేను నోటీసు చదివి ఆఫీసరు వైపు నిలబడ్డాను. ఆయన అడిగింది అక్షరాలా న్యాయమైన ప్రశ్న. కాగితం బీడు అంటోంది, రిటర్ను లక్షలు అంటోంది. ఎవరికైనా అనుమానం రాదూ? పైగా వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి నల్లడబ్బుకి ఆ పేరు పెట్టి ఒడ్డున పడేవాళ్లు తక్కువేమీ లేరు. 2019లో కాగ్ ఇచ్చిన నివేదికలో, తాము పరిశీలించిన కేసుల్లో 22.5 శాతం వాటికి సరైన ఆధారాలు చూడకుండానే మినహాయింపు ఇచ్చేశారని ఆదాయపు పన్ను శాఖనే తప్పుపట్టింది. ఆ మొట్టికాయ తిన్న శాఖ ఇప్పుడు అడుగుతోంది.

ఇంతకీ ఆ బీడు సంగతేమిటి? మామయ్య అబద్ధం ఆడలేదు, అడంగల్ కూడా అబద్ధం ఆడలేదు. 2023లో సాగర్ నిండలేదు. కుడి కాలువ కింద నీళ్ల నమ్మకం లేక ఆయన ఆ ఖరీఫులో ఏమీ వెయ్యలేదు. ఫసలీ 1433 అడంగల్లో ఆ సంగతే ఉంది. మరి డబ్బు? అది అంతకుముందు పంట తాలూకు మిరప. 2022 ఆగస్టులో నారు నాటాడు, 2023 జనవరి నుంచి కాయ కోశాడు. 60 టిక్కీలు ఏప్రిల్లో గుంటూరు యార్డులో అమ్మాడు. ధర ఇంకా పెరుగుతుందని 100 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, జూన్ మూడో వారంలో తీశాడు. రెండు అమ్మకాలూ ఏప్రిల్ 1 తర్వాతే జరిగాయి కాబట్టి డబ్బంతా 2023-24 ఆర్థిక సంవత్సరంలో పడింది. పంట మాత్రం ఫసలీ 1432 అడంగల్లో ఉంది.

అంతా ఇక్కడే ఉంది. రెవెన్యూ వాళ్ల ఏడాది ఫసలీ. జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2022 జూలై నుంచి 2023 జూన్ దాకా ఫసలీ 1432, ఆ తర్వాతిది 1433. పన్ను వాళ్ల ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. ఒక ఆర్థిక సంవత్సరంలో రెండు ఫసలీల ముక్కలు పడతాయి. మిరప, పసుపు లాంటి నిలవ పెట్టి అమ్మే పంటలైతే పండిన ఫసలీ ఒకటి, డబ్బొచ్చిన ఆర్థిక సంవత్సరం ఇంకొకటి. "2023-24 అడిగారు కదా" అని మీసేవలో 2023-24 అడంగల్ తీయించి పంపడం చాలామంది చేసే పొరపాటే. ఒకే సర్కారు గొడుగు కింద రెండు క్యాలెండర్లు నడుస్తుంటే, వాటి మధ్య వంతెన కట్టే పని రైతు నెత్తిన పడింది. ఇది ఆఫీసరు తప్పు కాదు, రైతు తప్పు అంతకన్నా కాదు. ఈ రోజుల్లో కేసు చూసే ఆఫీసరు ఎవరో, ఏ ఊళ్లో కూర్చున్నాడో మనకి తెలియదు. పల్నాటి మిరపని జూన్ దాకా చల్లగా దాస్తారని ఆయనకి ఎవరు చెప్పాలి?

అసలు భూమి కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నదానిమీద మన రైతుల్లో పెద్ద భ్రమ ఉంది. పాసుబుక్కు, 1-బి చెప్పేది భూమి ఎవరిదన్నది మాత్రమే. ఆఫీసరు అడిగేది అది కాదు. చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం అంటే భూమి మీద దుక్కి దున్ని, విత్తి లేదా నాటి, మనిషి కష్టంతో పండించినది. 1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట అది. భూమి ఉంటే చాలదు, దాని మీద సాగు జరగాలి. ఆ సాగు సంగతి చెప్పేది అడంగల్. అందులో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉంటుంది, నీటి వనరు ఉంటుంది, ఏ పంట ఎన్ని సెంట్లలో వేశారో ఉంటుంది. ఈ-పంటలో నమోదు చేయించుకున్న రసీదు ఉంటే ఇంకా మంచిది. అయితే అడంగల్ కూడా ఎంత పండిందో, ఎంతకి అమ్మారో చెప్పదు. అది కమీషన్ ఏజెంటు ఇచ్చే పట్టీ చెబుతుంది. ఆ పట్టీ డబ్బు నిజంగా చేతికొచ్చిందని బ్యాంకు ఖాతా చెబుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతావన్నీ ఉత్త కాగితాలే.

మామయ్య గొలుసులో రెండు లంకెలు బలహీనంగా ఉన్నాయి. మొదటిది, నాలుగెకరాల్లో ఒక ఎకరం ఇంకా మా తాతయ్య పేరునే ఉంది. ఆయన పోయి పదేళ్లు దాటింది. 1-బిలో మామయ్య పేరున కనపడేది మూడెకరాలే, రిటర్నులో రాసింది నాలుగు. అదృష్టం కొద్దీ అడంగల్లో ఆ ఎకరానికి అనుభవదారుగా మామయ్య పేరు ఎక్కి ఉంది. దానికి తోడు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆ ఎకరం సాగు, రాబడి తన తమ్ముడివేనని మా అమ్మ ఇచ్చిన అఫిడవిట్ జతచేశాం. (సంతకం పెట్టే ముందు మా అమ్మ రెండుసార్లు చదివించుకుంది. హక్కు వదులుకుంటున్నట్టు ఎక్కడా లేదు కదా అని.)

రెండోది, ఏప్రిల్ పట్టీ మీద ఉన్నది మా బావ పేరు. టిక్కీలు యార్డుకి తోలుకెళ్లింది అతను. గుమాస్తా ఎదురుగా ఉన్న మనిషి పేరు రాశాడు. డబ్బు మాత్రం మామయ్య ఖాతాలోనే పడింది. సరుకు తన తండ్రిదని బావ దగ్గర ఒక ఉత్తరం, తమ పుస్తకాల ప్రకారం డబ్బు ఎవరి ఖాతాకి పంపారో చెబుతూ ఏజెంటు దగ్గర ఒక ఉత్తరం తీసుకున్నాం. ఈ ఒక్క పేరు కోసం గుంటూరుకి మూడుసార్లు తిరిగాం.

ఆఖరికి పంపిన జవాబు ఒక పేజీ. ఇంగ్లీషులోనే రాశాం. తెలుగు కాగితం ఒక్కోదానికి అనువాదం కుట్టాం. దాని సారం ఇది:

"నేను గతంలో పంపిన అడంగల్ ఫసలీ 1433కి చెందినది. అందులో బీడు అని ఉన్నది నిజమే. నేను చూపిన ఆదాయం అంతకుముందు పంటది. ఫసలీ 1432 అడంగల్‌లో నాలుగెకరాలు మిరప అని ఉంది, జతచేశాను. దిగుబడి 160 టిక్కీలు, 45 కిలోల లెక్కన 72 క్వింటాళ్లు, అంటే ఎకరానికి 18. ఏప్రిల్లో 27 క్వింటాళ్లు 19,000 చొప్పున, జూన్లో 45 క్వింటాళ్లు 21,000 చొప్పున అమ్మాను. మొత్తం 14,58,000. పట్టీలు, కోల్డ్ స్టోరేజీ బాండు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను. పంట మొత్తానికి అయిన ఖర్చు 8,10,000. ఖర్చు, రాబడి రెండూ పంట వారీగా లెక్క వేస్తున్నాను, ఏటా ఇదే పద్ధతి."

ఇందులో కోల్డ్ స్టోరేజీ బాండు నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కాగితం. సరుకు మార్చిలో లోపలికి వెళ్లి జూన్లో బయటికి వచ్చిందని చెప్పేది అదొక్కటే. ఫసలీకి, ఆర్థిక సంవత్సరానికి వంతెన అదే. మామయ్య దాన్ని దాదాపు చింపేశాడు. సరుకు తీశాక ఆ చీటీతో పనేముంటుంది అనుకున్నాడట.

ఖర్చు దగ్గర మాత్రం ఎవరి కేసైనా కొంచెం పలచబడుతుంది. ఎరువుల కొట్టు బిల్లులు ఉంటాయి. కాయ కోత కూలీలు రసీదులు ఇస్తారా? మామయ్య బడిపంతులు కావడం వల్ల రోజువారీ కూలి లెక్క నోటుబుక్కులో రాసుకున్నాడు, అది సరిపోయింది. ఆ పుస్తకం లేనివాళ్లు ఎకరానికి ఇంత అని ఉజ్జాయింపు చెబితే ఆఫీసరు తన ఉజ్జాయింపు తను వేస్తాడు.

ఇంత తిప్పలు ఎందుకంటారా? వ్యవసాయ ఆదాయమని నిరూపించలేకపోతే ఆ డబ్బుని లెక్కచెప్పని సొమ్ము కింద కట్టే వీలుంది. ఆ సంవత్సరానికి దాని మీద పన్ను 60 శాతం, సర్‌చార్జి, సెస్సు కలిపితే 78 శాతం. 6.48 లక్షల మీద 5 లక్షల పైచిలుకు. అప్పీలుకి ముప్ఫై రోజులు గడువు ఉంటుంది, కానీ అక్కడా అడిగేది ఈ కాగితాలే.

ఒకమాట మా గోదావరి జిల్లాల పాఠకులకి. రికార్డులో వ్యవసాయ భూమి అని ఉన్నా, చెరువు తవ్వి చేపలు, రొయ్యలు పెంచితే ఆ రాబడి పన్ను చట్టంలో వ్యవసాయ ఆదాయం కాదు. పాసుబుక్కు ఎంత గట్టిగా ఉన్నా అక్కడ పనికిరాదు. కౌలుకిచ్చినవాళ్లు కూడా చూసుకోవాలి. వరి వేసే కౌలుదారు ఇచ్చే కౌలుకి మినహాయింపు ఉంది, చెరువుకి ఇచ్చిన కౌలుకి లేదు.

రాష్ట్ర ప్రభుత్వానికీ ఒక మాట. అడంగల్ ముద్రించేటప్పుడు ఫసలీ సంఖ్య పక్కన "2022 జూలై 1 నుంచి 2023 జూన్ 30 వరకు" అని ఒక్క వరస వెయ్యండి. ఖజానాకి ఖర్చు లేని పని. మామయ్యకి రెండో నోటీసు రాకుండా పోయేది.

జవాబు పంపిన కొన్ని వారాలకి ఉత్తర్వు వచ్చింది. చూపిన ఆదాయాన్ని చూపినట్టే ఒప్పుకున్నారు. తాతయ్య పేరున ఉన్న ఎకరానికి మ్యుటేషన్ ఇంకా కాలేదు.