ట్రాలీ వెనక ఎర్రదీపం లేకుంటే తప్పు మంచుది కాదు, మనదే

ఈ పోస్టు కొంతమందికి కోపం తెప్పిస్తది. అయినా చదవండి.

చలికాలంలో ట్రాలీని ఎవరన్నా వెనకనుంచి గుద్దితే మన ఊళ్ళలో ఒకటే మాట. "మంచులో కనపడలా, వాడు చూసుకోవాలి గదా" అంటాం. ఏం చూసుకోవాలన్నా? తుప్పు పట్టిన ఇనప డోరు, దానిమీద బురద, పైన డోరు దాటి కిందికి వేలాడే చొప్ప. అది రోడ్డు రంగులోనే ఉంటది.

లెక్క చూడండి. తెల్లారుజామున కంభం - గిద్దలూరు రోడ్డు మీద మీ ట్రాక్టర్ 15 కిలోమీటర్ల స్పీడులో పోతోంది అనుకోండి. వెనక పాల క్యాన్లతో బైకు 50లో వస్తోంది. మంచులో 30 మీటర్లకు మించి కనపడదు. ఇద్దరి స్పీడుకీ తేడా 35, అంటే సెకనుకి దాదాపు 10 మీటర్లు. మీ ట్రాలీ కంటబడ్డాక అతనికి మిగిలేది మూడు సెకన్లు. అందులో ఒకటిన్నర సెకను చేయి బ్రేకు మీదికి పోయేసరికే అయిపోతది. మిగతా ఒకటిన్నర సెకన్లో, తడి రోడ్డు మీద, క్యాన్ల బరువుతో ఏం చేస్తాడు? ఆ బైకు మీద ఉండేది పరాయివాడు కాదు, మన పక్క ఊరి రైతే.

"పొలం బండికి లైట్లెందుకు" అనేవాళ్ళకి చట్టం చెప్పేది ఇది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వ నిబంధన ప్రకారం రోడ్డు మీద నడిచే బండికి రాత్రి పూటే కాదు, వెలుతురు చాలని ఏ సమయంలోనైనా దీపాలు వెలగాలి. వెనక ఎర్రదీపం 155 మీటర్ల దూరం నుంచి కనపడాలి. అంటే పగలైనా సరే, మంచు పట్టినా కుండపోత వాన పడినా దీపాలు వేయాల్సిందే. ఊరి కరెంటు స్తంభాల మధ్య సుమారు 50 మీటర్లు ఉంటది. చీకటి పడ్డాక మీ ట్రాలీని లోడుతో నిలబెట్టి, మూడు స్తంభాల దూరం వెనక్కి నడిచి చూడండి. ఎర్రదీపం కనపడకపోతే రోడ్డెక్కే అర్హత దానికి లేదు. చాలాసార్లు బల్బు బాగానే ఉంటది. డోరు ఎత్తి దించేటప్పుడు వైరు తెగి ఉంటది, లేకుంటే చొప్ప దీపాన్ని కప్పేసి ఉంటది. అప్పుడు లోడు చివర వేరే దీపం కట్టాలి.

ఇంకో పాడలవాటు. దున్నేటప్పుడు వాడే వెనక తెల్లలైటు రోడ్డు మీద కూడా వేసుకుని పోతారు. వెనకొచ్చేవాడికి అది ఎదురొచ్చే బండిలాగా కనపడతది. వెనక్కి చూపే దీపం ఎర్రదే ఉండాలని చట్టం ఊరకే చెప్పలేదు. పొలం దాటగానే దాన్ని ఆపేయండి.

కారు, బైకు నడిపేవాళ్ళకీ రెండు మాటలు. మంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు నీటి తుంపరలకు కొట్టి మీ కళ్ళలోకే తిరిగొస్తది, ముందు తెల్లగోడ కట్టినట్టు ఉంటది. లోబీమ్ వేయండి. హజార్డ్ లైట్లు ఆగిన బండికి. అవి వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలవదు. స్పీడుకి స్తంభాలే కొలత. తడి రోడ్డు మీద 60లో ఉంటే ఆగడానికి సుమారు 60 మీటర్లు కావాలి, 40లో ఉంటే 30 పైచిలుకు. తర్వాతి స్తంభం కనపడకపోతే 40 కూడా ఎక్కువే, 30కి దించండి.

ఏమీ కనపడకపోతే? గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాట్‌లో పెద్ద వాన పడితే ఆ పరిస్థితి వస్తది. ఠక్కున బ్రేకు వేయొద్దు, వెనకోడు మీదికొస్తాడు. మెల్లగా తగ్గించుకుంటా, మలుపు దాటి, వెడల్పు ఉన్నచోట రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపండి. అప్పుడు వేయండి హజార్డ్. మనుషులు దిగి రోడ్డుకి దూరంగా నిలబడాలి, బండి వెనక నిలబడొద్దు.

టైరు పంక్చరై ట్రాలీని రోడ్డు మీదే వదిలేసి ఇంటికి పోయే పెద్దమనుషులారా, మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ట్రాలీని కూడా కలిపే చెప్తది: ప్రమాదకరంగా రోడ్డు మీద నిలిపితే నేరం. చుట్టూ రాళ్ళు పెట్టి, తుమ్మకొమ్మ నిలబెడితే సరిపోదు. మంచులో ఆ రాయి కూడా కనపడదు. పొద్దున బండి తీసుకుని పోయేటప్పుడు ఆ రాళ్ళని అక్కడే వదిలేస్తారు. మరుసటి రాత్రి ఎవరో బైకువాడు వాటి మీద పడతాడు.

పోలీసులు, ఆర్టీవో వాళ్ళు పట్టించుకోరంటారా? నిజమే, మనల్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. అదేమీ మన మీద ప్రేమ కాదు. మిర్చికి ఒక్కసారి కొట్టే మందు ఖర్చు కన్నా రెండు ఎర్రదీపాలకీ, రిఫ్లెక్టర్ టేపుకీ అయ్యేది తక్కువ. ఈ మంచు కాలం పోకముందే బిగించండి. కాదనేవాళ్ళు కామెంట్లో కారణం రాయండి, "వాడు చూసుకోవాలి" అన్నది తప్ప.