మొరిగే దగ్గుకు ఆవిరి గిన్నె ఎందుకు?



మన బడికి వచ్చే పిల్లలకు జలుబు చేస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అదే వైరస్ ఇంట్లో ఉన్న ఏడాదిన్నర తమ్ముడికో చెల్లికో అంటుకుంటే కథ వేరు. పగలు ముక్కు కారుతూనే ఆడుకున్న పాప, అర్ధరాత్రి కుక్క మొరిగినట్లు దగ్గుతూ లేస్తుంది. గొంతు బొంగురుపోతుంది. ఊపిరి పీల్చేటప్పుడు గరగరమని శబ్దం వస్తుంది. దీన్ని క్రూప్ అంటారు. ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. శబ్దం ఊపిరి వదిలేటప్పుడు వస్తే అది పిల్లికూత, దాని వైద్యం వేరు.

ఇలాంటి రాత్రి మన ఇళ్లలో మొదట పొయ్యి మీదికెక్కేది నీళ్ల గిన్నె. దుప్పటి కప్పి ఆవిరి పట్టడం నాకు ససేమిరా నచ్చని పని. వాపు ఉన్నది ముక్కులో కాదు, స్వరపేటిక కింద, శ్వాసనాళం సన్నగా ఉండే చోట. ఆవిరి ఆ వాపును తీయలేదు. టొరంటోలో 140 మంది క్రూప్ పిల్లలపై చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తేమగాలి వల్ల అదనపు మేలేమీ కనిపించలేదు. పైగా దుప్పటి కింద పాప ఏడుస్తుంది. ఏడిస్తే గాలి బలంగా లాగుతుంది, సన్నబడిన దారి ఇంకా ముడుచుకుంటుంది. గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుంది.

వాపు తగ్గించేది డెక్సామెథసోన్, సాధారణంగా నోటి ద్వారా ఇచ్చే ఒకే ఒక్క మోతాదు. బరువును బట్టి డాక్టరు లెక్కిస్తారు: కిలోకు 0.15 నుంచి 0.6 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల పాపకు ఒకటిన్నర నుంచి ఆరు మిల్లీగ్రాములు. ఖరీదైన మందేమీ కాదు, కానీ ఇంట్లో మీరే వేయకండి. గుణం కనిపించడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. దగ్గు సిరప్‌తోనూ లాభం లేదు.

ఖమ్మంలో ఉన్నవారికి ఆస్పత్రి దగ్గర. చర్ల, దుమ్ముగూడెం వైపు బంధువుల ఇంట్లో ఉంటే దారిలో పట్టే సమయమూ లెక్కలోకి వస్తుంది. పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, ఏడవనీయకుండా ఊరడించి, చొక్కా ఎత్తి చూడండి. దగ్గినప్పుడో ఏడ్చినప్పుడో మాత్రమే శబ్దం వచ్చి, పాప నీళ్లు తాగుతూ హుషారుగా ఉంటే కనిపెట్టుకుని ఉండి, ఉదయమే డాక్టరుకు చూపించవచ్చు. ఊరికే కూర్చున్నప్పుడూ శబ్దం వస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే తెల్లవారే దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి భద్రాచలం ఏరియా ఆస్పత్రికి బయలుదేరండి. పెదాలు నీలంగా మారినా, పాప మగతగా పడి ఉన్నా అంతే. దారిలో శబ్దం తగ్గి పాప సోలిపోతే అది కుదుటపడటం కాదు, అలసిపోవడం.

అసలు దగ్గే లేకుండా తీవ్ర జ్వరంతో చొంగ కారుస్తూ మింగలేకపోతున్నా, వేరుశనగ గింజలు తింటూ హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరైనా అది క్రూప్ కాకపోవచ్చు. అప్పుడు గొంతులో వేలు గానీ చెంచా గానీ పెట్టకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అక్కడ అడ్రినలిన్ నెబులైజర్ పెడితే పది నిమిషాల్లోనే పాప తేలికపడుతుంది. దాని ప్రభావం రెండు గంటలకు మించి ఉండదు. అందుకే ఇంకొన్ని గంటలు ఉండమంటారు, ‘తగ్గిందిగా’ అని వచ్చేయకండి.