డీప్‌ఫేక్ పాఠంలో కనురెప్పల చిట్కా ఇంకా ఎందుకు?

టీనేజర్లకు చెప్పే ఫేస్ స్వాప్ పాఠంలో 'కనురెప్పలు ఆర్పుతున్నారా చూడండి' అనే చిట్కా తీసేయాలి. అది 2018 నాటిది, ఇప్పటి వీడియోల్లో రెప్పలు బాగానే ఆడతాయి. ముందు తయారీ చూపించండి. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమ్‌లో ముఖాన్ని వెతికి, అదే హావభావంతో వేరే ముఖం గీసి పైన అతికిస్తుంది. అతకని ఫ్రేముల్లో అసలు మనిషి బయటపడతారు. 2023 నవంబర్‌లో వచ్చిన రష్మిక లిఫ్ట్ వీడియోలో మొదటి క్షణం వేరే అమ్మాయి ముఖమే ఉంది! అలాగని క్లాసులో ఆ వీడియో ప్లే చేయొద్దు. పిల్లలు తమ ముఖాలతోనే ఒక స్వాప్ చేసి, చెయ్యి అడ్డంపెట్టి, పక్కకు తిరిగి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే చాలు. వాట్సాప్‌లో నలిగిన కాపీలో ఈ అతుకులు కనపడకపోవచ్చు. అప్పుడు అసలు క్లిప్ వెతకాల్సిందే. రష్మిక వీడియో అసలుది ఇన్‌స్టాగ్రామ్‌లోనే దొరికింది.