హార్బర్ పిల్లల బడి: తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు ఏ మెట్టు ఎప్పుడు?

మాధ్యమం మార్చడానికి రెండు పద్ధతులున్నాయి. ఫలానా ఏడాది నుంచి ఫలానా తరగతులన్నీ ఇంగ్లిష్‌లోనే నడవాలని ఉత్తర్వు ఇవ్వడం ఒకటి. పిల్లలు తెలుగులో చదవడం, లెక్క చేయడం గట్టిపడ్డాక ఒక్కో సబ్జెక్టును, ఒక్కో పనిని ఇంగ్లిష్‌లోకి జరపడం రెండోది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో మొదటి దారి పట్టింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం అని తొలి ఉత్తర్వు వచ్చింది. కొద్ది రోజులకే దాన్ని ఒకటి నుంచి ఆరుకు కుదించారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాష ఉన్న పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. తల్లిదండ్రుల్లో అత్యధికులు ఇంగ్లిష్‌నే కోరుకున్నారు. విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పేటల్లోనూ ఆ కోరిక బలంగానే ఉంది, దాన్ని తప్పుపట్టాల్సిన పనీ లేదు. ఏ తరగతిలో ఏది మారాలి, మార్చవచ్చని ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలకు మాత్రం ఉత్తర్వుల్లో జవాబు లేదు.

ఒక్కసారిగా మార్చితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా అనుభవం చెబుతుంది. అక్కడి నల్లజాతి పిల్లలు మొదటి నాలుగేళ్లు సొంత భాషలో చదివి, ఐదో ఏట అన్ని సబ్జెక్టులకూ ఒకేసారి ఇంగ్లిష్‌లోకి మారేవారు. 1990లో వెలువడిన ‘త్రెషోల్డ్ ప్రాజెక్ట్’ అధ్యయనం ఆ మలుపును దగ్గర నుంచి చూసింది. అప్పటికి పిల్లలకు పరిచయమైన ఇంగ్లిష్ మాటలు సుమారు 800. ఆ ఏటి పుస్తకాలు చదవాలంటే అంతకు ఎన్నో రెట్లు మాటలు రావాలి. పిల్లలు బట్టీకి దిగారు. సొంత భాషలో మొదలవడం వల్ల ఆ పిల్లలు దెబ్బతినలేదు. రెండు భాషల మధ్య వంతెన వేయకపోవడం వల్ల దెబ్బతిన్నారు. కెనడాలో వలస వచ్చిన పిల్లలను పరిశీలించిన జిమ్ కమిన్స్ దీనికి కారణం చూపించారు. ఆటస్థలంలో మాట్లాడే భాష రెండేళ్లలో వస్తుంది. పాఠాన్ని అర్థం చేసుకుని వాదించే భాషకు ఐదేళ్లు, అంతకుమించీ పడుతుంది. అందుకే మూడో తరగతి పిల్లవాడు ఇంగ్లిష్‌లో గడగడా పలకరిస్తే టీచరు మోసపోకూడదు.

హార్బర్ దగ్గర బడికి వచ్చే పిల్లల చేతిలో గణితం ముందే ఉంటుంది. తల్లి చేపలమ్మే చోట కూర్చున్న పిల్లకు పావుకిలో, అరకిలో, ముప్పావు కొత్త కాదు. వేలంలో ధర పెరగడం, పట్టిన సరుకును వాటాలు వేయడం రోజూ చూస్తారు. ఇవన్నీ తెలుగులో ఉన్న జ్ఞానం. ఒకటి, రెండు తరగతుల పని ఈ జ్ఞానాన్ని కాగితం మీదికి తేవడమే. కాబట్టి ఈ రెండేళ్లూ చదవడం, రాయడం, గణితం తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ చెవికి, నోటికి మాత్రమే: పాటలు, ఆటలు, ఆజ్ఞలు, బొమ్మ చూసి చెప్పడం. అక్షరాలు పరిచయమైనా ఇంగ్లిష్ పేరాలు చదవమనే ఒత్తిడి వద్దు. తెలుగు గుణింతాలు, ఒత్తులు ఇంకా కుదరని వేళ, రాసిందొకటి పలికేదొకటిగా ఉండే ఇంగ్లిష్ స్పెల్లింగు కూడా మీద పడితే రెండూ నిలవవు.

మొదటి తనిఖీ రెండో తరగతి చివర. జాతీయ స్థాయిలో 2021లో మొదలైన నిపుణ్ భారత్ ఇందుకు ఒక కొలత ఇచ్చింది: రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60, అదీ అర్థం తెలుసుకుంటూ. పిల్లను ఒక్కతినే పిలిచి, ఎప్పుడూ చూడని తెలుగు పేరా ఇచ్చి, గడియారం పెట్టి చదివించాలి. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగాలి, వాటిలో ఒకటైనా పేరాలో నేరుగా లేనిదై ఉండాలి. తరగతి అంతా కలిసి చదివితే ఇది బయటపడదు. గొంతు కలిపేవాళ్లలో ఎవరు చదువుతున్నారో, ఎవరు వెనకాల అందుకుంటున్నారో తెలియదు. ఇంగ్లిష్‌లో రాతపరీక్ష ఉండదు. ‘పుట్ ద స్మాల్ ఫిష్ ఇన్ ద బాస్కెట్’ అంటే బొమ్మ చేపల్లో చిన్నది తీసి బుట్టలో వేయాలి, అంతే. ఇలాంటి పది ఆజ్ఞల్లో ఏడెనిమిది సరిగా చేస్తే చెవి సిద్ధమైనట్టు. తెలుగు చదువు 45 మాటల దగ్గరకు రాని పిల్లకు ఇంగ్లిష్ పెంచి లాభం లేదు. ఆ పిల్లకు కావలసింది మరో మూడు నెలల తెలుగు.

మూడో తరగతిలో కదలాల్సింది గణితం, అందులోనూ అంకెలు, గుర్తులు ఉన్న భాగం. కూడికకు, తీసివేతకు భాష అంతగా అడ్డురాదు. కానీ సంఖ్యల పేర్లు అడ్డొస్తాయి. తెలుగులో పదమూడు, పద్నాలుగు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, రాసే వరసా అదే. ‘ఫోర్టీన్’లో నాలుగు ముందు వినిపిస్తుంది. విన్నది విన్నట్టు రాసే పిల్ల 41 రాస్తుంది. ‘థర్టీన్’, ‘థర్టీ’ చెవికి ఒకటే అనిపిస్తాయి. దీన్ని లెక్క రాకపోవడంగా చూసి మళ్లీ స్థానవిలువలు నేర్పడం పొరపాటు. 13 నుంచి 19 వరకు ఇంగ్లిష్ పేర్లను రెండు వారాలు విడిగా వినిపించి, రాయించి, చూపించమంటే సర్దుకుంటుంది. ఈ ఏడాది రెండు భాషల పుస్తకాన్ని వాడే వరస కూడా ఖాయం చేయాలి. ముందు తెలుగు పేజీ, భావం పట్టుబడ్డాక ఇంగ్లిష్ పేజీ. నాలుగో తరగతిలో వరస తిరగబడుతుంది. ముందు ఇంగ్లిష్, సందేహం వచ్చిన చోట తెలుగు.

నాలుగో తరగతే అసలు మలుపు, ఎందుకంటే మాటల లెక్కలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేది ఇక్కడే. ఒక లెక్క తీసుకుందాం: ‘ఒక బుట్టలో 24 చందువలు ఉన్నాయి. అవి రెండో బుట్టలో ఉన్నవాటికంటే 6 ఎక్కువ. రెండో బుట్టలో ఎన్ని?’ జవాబు 18. ‘ఎక్కువ’ అన్న మాట చూడగానే కూడేసి 30 అనే పిల్లలు తెలుగులోనే ఉంటారు. ఇదే లెక్క ఇంగ్లిష్‌లో ‘సిక్స్ మోర్ దాన్’ అని వస్తే 30 రాసేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఈ పెరిగినవాళ్లను, ముందు నుంచీ తప్పు చేస్తున్నవాళ్లను విడదీయడమే రెండో తనిఖీ పని.

పద్ధతి ఇదీ. ఒకే నిర్మాణం ఉన్న పది మాటల లెక్కలు రెండు భాషల్లో తయారు చేయాలి, అంకెలు మార్చి. సగం మందికి ముందు తెలుగు, వారం తర్వాత ఇంగ్లిష్. మిగతా సగానికి తలకిందులుగా. అలా చేయకపోతే మొదటి కాగితం జ్ఞాపకం రెండోదానికి సాయం చేస్తుంది. తెలుగులో ఎనిమిది, ఇంగ్లిష్‌లో ఏడు వచ్చిన పిల్ల ముందుకు వెళ్లవచ్చు. తెలుగులో ఎనిమిది, ఇంగ్లిష్‌లో మూడు వస్తే లెక్క వచ్చు, భాషే అడ్డు. తెలుగులోనే నాలుగు వస్తే ఇంగ్లిష్ సంగతి పక్కన పెట్టి భావం దగ్గరకు పోవాలి. ఈ హద్దులు ఉజ్జాయింపుగా పెట్టుకున్నవే, ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరపవచ్చు. జరపకూడనిది ఒక్కటే: ఇంగ్లిష్ కాగితం ఒక్కటే దిద్ది నిర్ణయం తీసుకోకూడదు. మూడు మార్కులు వచ్చిన ఇద్దరు పిల్లలకు రెండు వేర్వేరు మందులు కావాలని ఆ కాగితం ఎప్పటికీ చెప్పదు.

తడబడిన పిల్లతో ఐదు నిమిషాలు కూర్చుంటే కారణం ఇంకా తేటపడుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1970లలో రూపొందించిన ఐదు ప్రశ్నల వరస ఇందుకు పనికొస్తుంది. లెక్కను పైకి చదువు. ఏమి అడుగుతోందో నీ మాటల్లో చెప్పు. ఏ లెక్క చేయాలి? చేసి చూపించు. జవాబు రాయి. రెండో ప్రశ్నకు పిల్ల తెలుగులో జవాబు చెప్పనివ్వాలి. చందువల లెక్కను ఇంగ్లిష్‌లో తప్పులేకుండా చదివి, ‘రెండో బుట్టలో ఆరు ఎక్కువ ఉన్నాయట’ అంటే తప్పు అక్కడే దొరికింది. పోలిక ఎటు నుంచి ఎటో ఆ వాక్యంలో పట్టుబడలేదు. ‘మొదటి బుట్టలోనే ఎక్కువ’ అని సరిగా చెప్పి కూడా కూడితే అది గణితంలోని తప్పు.

భిన్నాలు వచ్చినప్పుడూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. తెలుగులో ‘నాలుగింట మూడు వంతులు’ అంటాం, కింది అంకె ముందు వస్తుంది. ‘త్రీ ఫోర్త్స్’లో పై అంకె ముందు. ముప్పావుకిలో తెలిసిన పిల్ల 4/3 రాస్తే ఆశ్చర్యపోనక్కరలేదు, తక్కెడ దగ్గరకు తీసుకెళ్లి సరిచేయడం తేలిక.

పరిసరాల విజ్ఞానం అన్నిటికంటే చివర కదలాలి. తుపాను ఎందుకు వస్తుంది, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఎందుకు ఆపుతారు అన్న పాఠాల్లో ‘ఎందుకంటే’, ‘అయినప్పటికీ’, ‘ఒకవేళ’ వంటి ముడులు ఎక్కువ. ఐదో తరగతిలో బొమ్మలు, పేర్లు, పట్టికలు ఎక్కువగా ఉన్న పాఠాలను ముందు ఇంగ్లిష్‌లో చెప్పి, కారణాలు వివరించే పాఠాలను తెలుగులో ఉంచాలి. పరీక్షలో ప్రశ్న రెండు భాషల్లో ఇచ్చి, జవాబు ఏ భాషలో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కులు వేయాలి. మూడో తనిఖీ ఇక్కడ: పిల్ల చదవని ఒక చిన్న ఇంగ్లిష్ పేరా ఇచ్చి, తెలుగులో వివరించమనడం. తెలుగు పేజీ ఎదురుగా ఉండకూడదు. ఉంటే కళ్లు అటే పోతాయి, ఇంగ్లిష్ చదివినట్టు కనిపిస్తుంది.

తనిఖీల తేదీలు హార్బర్ పంచాంగాన్ని బట్టి ఉండాలి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. నిషేధం రోజుల్లో సొంతూళ్లకు వెళ్లే కుటుంబాలుంటే ఏప్రిల్ చివరి పరీక్షకు ఆ పిల్లలు దొరకరు. అందువల్ల తనిఖీ మార్చిలోనే ముగించాలి. జూలై రెండో వారంలో అదే తరహా చిన్న తనిఖీ మళ్లీ పెట్టాలి. వేసవిలో జారిపోయింది ఎంతో తెలియకుండా కొత్త మెట్టు ఎక్కిస్తే పిల్లలు వెనకబడే ప్రమాదం ఉంది.

ఈ ప్రణాళికకు హద్దులున్నాయి. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలుంటే తెలుగు కూడా వాళ్లకు నేర్చుకోవలసిన భాషే. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ బడుల్లో సవర, కువి, కోయ వంటి భాషలతో మొదలుపెట్టి ఏటేటా తెలుగు పెంచిన బహుభాషా విద్యా కార్యక్రమం అలాంటి పిల్లల కోసం చూడదగిన ఉదాహరణ. టీచరుకే ఇంగ్లిష్‌లో మాటల లెక్క వివరించడం కష్టమైతే నాలుగో తరగతి మెట్టు కాగితం మీదే ఉండిపోతుంది. టీచరు ఇంగ్లిష్ వాక్యం చదివి వెంటనే తెలుగులో చెప్పేస్తే పిల్లలు ఇంగ్లిష్ వినడం మానేస్తారు. వాక్యం తర్వాత కొంచెం ఆగి, ఏమి అర్థమైందో ముందు పిల్లలనే అడగాలి. ఒకే తరగతిలో ఒకరు మెట్టు దాటి మరొకరు దాటకపోతే గది విడదీయక్కరలేదు. పాఠం ఒకటే, కాగితం వేరు: దాటినవారికి ఇంగ్లిష్ లెక్కలు, దాటనివారికి అవే లెక్కలు తెలుగులో, రోజూ రెండు మాత్రం ఇంగ్లిష్‌లో.

ఐదో తరగతి పూర్తి చేసి హైస్కూలుకు వెళ్లే పిల్ల వెంట ఒక కాగితం వెళ్లాలి. తెలుగు చదివే వేగం, రెండు భాషల్లో వచ్చిన మార్కులు, న్యూమన్ ప్రశ్నల్లో ఎక్కడ ఆగిందన్నది, ఏ పాఠాలు ఇంగ్లిష్‌లో పూర్తయ్యాయన్నది అందులో ఉండాలి. ఆరో తరగతి సైన్సు టీచరు జూన్‌లో చూడాల్సింది మార్కుల జాబితా కంటే ముందు ఆ కాగితాన్ని.